చట్టం 1.6 మి.మీ. వరకు ఒప్పుకుంటుంది, మరి 3 దగ్గరే టైరు ఎందుకు మార్చాలి?

కావలి కారు · సెప్టెంబరు 9, ఉదయం

అందరికీ నమస్కారం. మా అబ్బాయి జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. ఈమధ్య సెలవులకు వచ్చినప్పుడు నా కారు టైరు గాడిలో చిన్న కొలత పుల్ల పెట్టి చూసి, "నాన్నా, ముందు టైర్లు 3 మిల్లీమీటర్ల దగ్గరికి వచ్చాయి, మా దగ్గరైతే ఇవి చెల్లవు, వర్షాలకు ముందే మార్చేయండి" అని చెప్పి వెళ్లాడు. నెల్లూరులో నేను ఎప్పుడూ వెళ్లే టైర్ల షాపులో అడిగితే, 1.6 దాకా చట్టం ఒప్పుకుంటుందనీ, ఇంకా పది పన్నెండు వేల కిలోమీటర్లు తిరగవచ్చనీ అన్నారు.

కారు 42,000 కిలోమీటర్లు తిరిగింది. టైర్లు కారుతో వచ్చినవే. మా ఆవిడ చికిత్స కోసం నెలకు రెండుసార్లు చెన్నై వెళ్లి రావాలి, నవంబరులో కూడా తప్పదు. దేశానికో లెక్క ఎందుకు ఉంది? షాపు వాళ్లు అమ్ముకోవడానికి చెప్పి ఉంటే నమ్మేవాణ్ని కాదు, కానీ వాళ్లు కొనవద్దనే చెప్పారు. అందుకే ఎవరి మాట వినాలో తేలడం లేదు.

గ్రానైట్ లారీ · సెప్టెంబరు 9, ఉదయం

చీమకుర్తి నుంచి రాస్తున్నాను. మాకు నాలుగు లారీలున్నాయి. షాపు వాళ్లు చెప్పిందే సరైన మాట. పొడి రోడ్డు మీద అరిగిన టైరు కొత్త టైరు కంటే గట్టిగా పట్టుకుంటుంది. రేసు కార్ల టైర్లకు గాడులే ఉండవు. మన జిల్లాల్లో ఏడాదిలో ఎన్ని రోజులు వాన పడుతుంది? చట్టం రాసినవాళ్లు కూడా ఇంజనీర్లను అడిగే రాసి ఉంటారు. మంచి టైరు పారేస్తే డబ్బు పారేసినట్లే.

మ్యూనిక్ తెలుగు · సెప్టెంబరు 9, మధ్యాహ్నం

కావలి వారికి ఒక చిన్న సవరణ. జర్మనీ చట్టంలో కూడా కార్లకు 1.6 మిల్లీమీటర్లే. యూరోపియన్ యూనియన్ దేశాలన్నిటిలో కార్లకు ఇదే కనీసం. 3 అనేది ఇక్కడి మోటారు సంఘం ఏడీఏసీ ఇచ్చే సలహా. చలికాలపు టైర్లకైతే 4 అంటారు. మీ అబ్బాయి అక్కడి అలవాటును చట్టంగా చెప్పి ఉంటారు. అందరూ 3 దగ్గరే మారుస్తూ ఉంటే అదే చట్టం అనిపిస్తుంది.

అయితే మంచు పడే చోట లెక్క నిజంగానే మారుతుంది. పక్కనే ఉన్న ఆస్ట్రియాలో చలికాలపు టైరు 4 మిల్లీమీటర్ల కంటే అరిగితే దాన్ని చలికాలపు టైరుగా లెక్కించరు. నార్వే, ఫిన్లాండ్‌లలో చలికాలంలో 3 ఉండాలి.

మెల్‌బోర్న్ నెల్లూరు · సెప్టెంబరు 9, మధ్యాహ్నం

ఇక్కడ ఆస్ట్రేలియాలో 1.5. న్యూజిలాండ్‌లో కూడా అంతే. దక్షిణాఫ్రికాలో 1 మిల్లీమీటరే. అంతకుముందు నేను కాలిఫోర్నియాలో ఉన్నాను. అమెరికాలో చాలా రాష్ట్రాలు అంగుళంలో 32వ వంతులు రెండు ఉండాలంటాయి, అంటే మన 1.6. కాలిఫోర్నియాలో మాత్రం ఒక్క వంతు చాలు, అంటే 0.8. ఒకే దేశంలో సరిహద్దు దాటితే అదే టైరు చెల్లడం, చెల్లకపోవడం నాకు అప్పట్లోనే వింతగా అనిపించింది.

కొత్త స్కూటీ · సెప్టెంబరు 9, సాయంత్రం

నా ప్రశ్న కూడా ఇదే. మా స్కూటీ కొని ఏడేళ్లయింది, ఎక్కువ తిరగలేదు, గాడులు కొత్తవాటిలాగే ఉన్నాయి. ఎన్నేళ్లకు మార్చాలని చట్టం చెబుతుంది?

పాత మీటరు · సెప్టెంబరు 9, రాత్రి

నేను ఇరవై రెండేళ్లు టైర్ల పరీక్షా విభాగంలో పనిచేసి, ఇప్పుడు సింగరాయకొండలో ఉంటున్నాను. ముందు స్కూటీ గారికి. మీది వయసు ప్రశ్న, ఇక్కడ నడుస్తున్నది అరుగుదల ప్రశ్న. టైరు పక్క గోడ మీద చివర నాలుగు అంకెలున్న గుర్తు చూడండి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. ఏడేళ్ల టైరుకు పక్క గోడలో, గాడుల అడుగున సన్నని పగుళ్లు కనిపిస్తే గాడి ఎంత లోతున్నా మార్చండి. ద్విచక్ర వాహనాలకు మన దేశంలో గాడి కనీసం 0.8. బ్రిటన్‌లో 1.

ఇప్పుడు కావలి గారి ప్రశ్నకు వస్తాను. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో కార్లకు 1.6 అని ఉంది. అది సుమారుగా అంగుళంలో పదహారో వంతు. గాడుల అడుగున అక్కడక్కడ అడ్డంగా చిన్న దిమ్మెలు కనిపిస్తాయి, వాటి ఎత్తు కూడా అంతే. టైరు ఆ దిమ్మెలతో సమానమైందంటే, కొలత పుల్ల అవసరం లేకుండా ఎవరైనా కంటితో చూసి పట్టుకోవచ్చు. చట్టానికి కావలసింది అలాంటి గుర్తే. పోలీసు ఆపి చూపించగలగాలి, కోర్టులో నిలవాలి. బ్రిటన్ 1992 జనవరికి ముందు 1 మిల్లీమీటరుతో సరిపెట్టుకుంది, తర్వాత 1.6 చేసింది. ఆ రాత్రికి రాత్రి రబ్బరు మారలేదు, నీళ్లు మారలేదు. శిక్ష ఎక్కడ మొదలవ్వాలన్నది మాత్రమే మారింది.

దేశానికో అంకె ఉండటానికి కారణం నాకు తెలిసినంతలో ఇదే: శిక్ష గీతను ఎక్కడ పెట్టాలో ఒక్కో ప్రభుత్వం ఒక్కోలా తేల్చుకుంది. బ్రేకు ఏ లోతు దగ్గర బలహీనపడుతుందన్నది ఆ గీతలో లేదు.

గ్రానైట్ లారీ · సెప్టెంబరు 9, రాత్రి

అయితే నేను చెప్పింది తప్పా? పొడి రోడ్డు సంగతి చెప్పండి.

పాత మీటరు · సెప్టెంబరు 10, ఉదయం

పొడి రోడ్డు విషయంలో మీరు చెప్పింది నిజం. గాడి తగ్గేకొద్దీ రబ్బరు దిమ్మెలు వంగడం తగ్గుతుంది, అందుకే పొడి రోడ్డు మీద బ్రేకు బలహీనపడదు, ఒక్కోసారి మెరుగవుతుంది కూడా. అసలు ప్రమాదం అక్కడే ఉంది. జనవరి నుంచి సెప్టెంబరు దాకా టైరు ఏమీ తేడా చూపించదు, నడిపేవారికి నమ్మకం పెరుగుతూ ఉంటుంది. మొదటి పెద్ద వానతో ఆ తేడా ఒక్కసారిగా బయటపడుతుంది.

గాడి చేసే పని నీళ్లకు చోటు ఇవ్వడం. ఒక చిన్న లెక్క చెబుతాను. కారు టైరు రోడ్డును తాకే వెడల్పు సుమారు 15 సెంటీమీటర్లు అనుకోండి. వేగం గంటకు 90 కిలోమీటర్లు, అంటే సెకనుకు 25 మీటర్లు. రోడ్డు మీద 2 మిల్లీమీటర్ల నీళ్లు నిలిచి ఉంటే ఆ ఒక్క టైరు సెకనుకు ఏడున్నర లీటర్ల నీళ్లను పక్కకు తోయాలి. తోయగా మిగిలినవి గాడుల్లోకి దూరాలి. తాకే భాగంలో సుమారు 30 శాతం గాడులే ఉంటాయి. 8 మిల్లీమీటర్ల కొత్త టైరులో ఆ ఖాళీని టైరు వెడల్పంతా పరిచి చూస్తే 2.4 మిల్లీమీటర్ల నీళ్లు పడతాయి. 3 దగ్గర 0.9 పడతాయి. 1.6 దగ్గర అర మిల్లీమీటరు కూడా పట్టదు. మిగిలిన నీళ్లు టైరు ముందు గుట్టగా చేరి దాన్ని పైకి లేపుతాయి. అప్పుడు స్టీరింగు తిప్పినా, బ్రేకు తొక్కినా కారు వినదు.

నీళ్లు గాడిని మించిపోయినప్పుడు టైరు ఏ వేగం దగ్గర తేలుతుందో 1960లలో నాసా పరిశోధకులు విమాన టైర్ల మీద పరీక్షించి తేల్చారు. టైరులో గాలి పీఎస్‌ఐలో ఎంత ఉందో, ఆ అంకెకు వర్గమూలం తీసి 16.6తో గుణిస్తే గంటకు కిలోమీటర్లు వస్తాయి. గాలి 32 ఉంటే సుమారు 94. చూసుకోక 24కు పడిపోయి ఉంటే 81. కారు టైర్లు అంతకంటే ముందే తేలవచ్చు. మన హైవేలో 81 ఎవరికీ ఎక్కువ వేగం అనిపించదు.

పెన్నా తీరం · సెప్టెంబరు 10, మధ్యాహ్నం

ఇది నాకు జరిగింది. మూడేళ్ల క్రితం నవంబరులో కోవూరు దాటాక, హైవేలో ఎడమ లేనులో పల్లంగా ఉన్న చోట నీళ్లు నిలిచి ఉన్నాయి. వేగం 85 ఉంటుంది. ఒక్కసారిగా స్టీరింగు తేలికైపోయింది, చేతిలో ఏమీ లేనట్లు అనిపించింది. ఇంజను శబ్దం పెరిగింది. బ్రేకు తొక్కబోయి ఆగాను, ఎందుకు ఆగానో ఇప్పటికీ తెలియదు. రెండు మూడు సెకన్లలో టైర్లు మళ్లీ రోడ్డును పట్టుకున్నాయి. ఇంటికి వచ్చి కొలిస్తే ముందు టైర్లు 2 మిల్లీమీటర్లు ఉన్నాయి. చట్టం ప్రకారం నా కారులో ఏ లోపమూ లేదు. వెనుక సీట్లో పిల్లలు నిద్రపోతున్నారు. ఆ తర్వాత నేను 3 కంటే కిందికి టైరును రానివ్వలేదు.

పాత మీటరు · సెప్టెంబరు 10, మధ్యాహ్నం

మీరు బ్రేకు తొక్కకపోవడం మంచిదైంది. స్టీరింగు తేలికవడం, ఇంజను శబ్దం హఠాత్తుగా పెరగడం, ఈ రెండూ తేలడానికి గుర్తులు. అప్పుడు యాక్సిలరేటరు మీద నుంచి కాలు మెల్లగా తీసి, స్టీరింగు నేరుగా పట్టుకోవాలి.

మ్యూనిక్ తెలుగు · సెప్టెంబరు 10, సాయంత్రం

రెండో వైపు మాట కూడా చెప్పాలి. మిషెలిన్ సంస్థ 2017 నుంచి బహిరంగంగా వాదిస్తున్నది ఏమిటంటే, బాగా తయారుచేసిన టైరును 1.6 దాకా వాడవచ్చనీ, 3 దగ్గరే పారేస్తే రబ్బరు, నూనె వృథా అనీ. అరిగిన ఒక కంపెనీ టైరు కొత్తదైన మరో కంపెనీ టైరు కంటే తడిలో బాగా ఆగవచ్చని కూడా వాళ్లు అంటారు. కొత్త టైర్లనే పరీక్షించే పద్ధతి చాలదని యూరప్ కూడా ఒప్పుకుంది. అరిగిన స్థితిలో తడి రోడ్డు మీద పట్టు ఎంతో పరీక్షించాలనే నియమం 2024 జులై నుంచి కొత్త రకం కారు టైర్లకు వచ్చింది. కాబట్టి 3 అనేది అందరికీ ఒకే గీత అని చెప్పలేం.

పాత మీటరు · సెప్టెంబరు 10, రాత్రి

ఆ వాదనలో పస ఉంది. ఒకే లోతు దగ్గర రెండు టైర్లు ఒకేలా ఆగవు. కానీ మన షాపులో నిలబడిన మనిషికి తన టైరు 1.6 దగ్గర ఎలా ఆగుతుందో తెలిసే దారి లేదు. తెలియనప్పుడు ముందుగా మార్చడమే నేను ఎంచుకుంటాను.

అమెరికాలోని ట్రిపుల్ ఎ మోటారు సంఘం 2018లో గంటకు 60 మైళ్ల వేగంతో, అంటే సుమారు 96 కిలోమీటర్లతో, తడి రోడ్డు మీద కొలిచింది. 3.2 మిల్లీమీటర్లకు అరిగిన టైర్లతో కారు ఆగడానికి కొత్త టైర్ల కంటే సగటున 87 అడుగులు ఎక్కువ పట్టింది, అంటే 43 శాతం. మామూలు బ్రేకు లెక్కతో చూస్తే, కొత్త టైర్ల కారు ఆగిపోయిన చోటికి అరిగిన టైర్ల కారు వచ్చేసరికి అది ఇంకా 50 కిలోమీటర్లకు పైగా వేగంలో ఉంటుంది. గమనించండి, అది చట్టపు గీతకు రెట్టింపు లోతు. అందుకే 3 దాకా ఏమీ కాదు అని కూడా నేను అనను. అక్కడి నుంచి దిగువకు తడిలో పట్టు ఇంకా వేగంగా పడిపోతుంది.

కావలి గారూ, మీ అబ్బాయి 3 అన్నది ఏ చోట కొలిచింది? గాడి మధ్యలోనా? అసలు సంగతి అందులో ఉంది.

కావలి కారు · సెప్టెంబరు 11, ఉదయం

అడగలేదు. పుల్ల ఇక్కడే వదిలి వెళ్లాడు. ఎలా కొలవాలో చెబితే నేనే కొలుస్తాను.

పాత మీటరు · సెప్టెంబరు 11, ఉదయం

స్టీరింగు పూర్తిగా ఒక పక్కకు తిప్పండి, ముందు టైరు లోపలి అంచు కనిపిస్తుంది. మూడు గాడులు ఎంచుకోండి: బయటివైపు, మధ్య, లోపలివైపు. పుల్లను నిటారుగా దించండి. అడుగున ఉన్న అడ్డు దిమ్మెల మీద పెట్టవద్దు, అక్కడ తక్కువ చూపిస్తుంది. దిమ్మె ఎక్కడుందో తెలియకపోతే టైరు భుజం మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటుంది, దానికి ఎదురుగానే ఉంటుంది. కారును కొంచెం ముందుకు జరిపి మరో రెండు చోట్ల కొలవండి. అన్నిటిలో తక్కువ వచ్చినదే మీ టైరు లోతు. సగటు తీయవద్దు.

కావలి కారు · సెప్టెంబరు 11, సాయంత్రం

కొలిచాను. ముందు ఎడమ: బయట 3.4, మధ్య 3.1, లోపల 2.2. ముందు కుడి: 3.3, 3.1, 2.9. వెనుక రెండూ 4.2 దగ్గర. ముందు ఎడమ లోపలి అంచు చూస్తే నాకే భయమేసింది. నిలబడి చూస్తే ఆ భాగం అసలు కనిపించదు.

పాత మీటరు · సెప్టెంబరు 11, రాత్రి

షాపు వాళ్లు మధ్య గాడి చూసి చెప్పి ఉంటారు. కొత్తప్పుడు 8 ఉందనుకుంటే 42,000 కిలోమీటర్లలో మధ్యలో 4.9 పోయింది, అంటే సుమారు 8,600 కిలోమీటర్లకు ఒక మిల్లీమీటరు. 3.1 నుంచి 1.6 దాకా సుమారు 12,900 కిలోమీటర్లు. వాళ్ల లెక్క నిజాయితీగా వేసిన లెక్కే. కానీ లోపలి అంచు 5.8 పోగొట్టుకుంది, అంటే 7,200 కిలోమీటర్లకు ఒక మిల్లీమీటరు. అది 1.6కు చేరడానికి 4,300 కిలోమీటర్లు చాలు. అలైన్‌మెంటు ఈమధ్యే చెడి ఉంటే ఇంకా ముందే. మీరు నెలకు ఎంత తిరుగుతారు?

కావలి కారు · సెప్టెంబరు 11, రాత్రి

చెన్నై రెండుసార్లు, ఇక్కడ తిరిగేది కలిపి 1,200 దాకా.

పాత మీటరు · సెప్టెంబరు 12, ఉదయం

అయితే డిసెంబరు చివరికల్లా ఆ అంచు చట్టం గీతను తాకుతుంది. అక్కడికి చేరే దారిలోనే అక్టోబరు, నవంబరు వస్తాయి. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలతోనే, వాయుగుండాలు కూడా అప్పుడే. కేరళ మనిషి మే నెలలో కొలుచుకోవాలి, మనం సెప్టెంబరులో కొలుచుకోవాలి. ఇదే టైరు జనవరిలో 3.1 చూపించి, అన్ని చోట్లా సమానంగా అరిగి ఉంటే, వేసవి దాకా వాడుకోమని నేనే చెప్పేవాణ్ని. ఎండకు గాలి, పగుళ్లు చూసుకుంటూ ఉండాలి, అంతే.

డబ్బు సంగతి కూడా చెబుతాను, గ్రానైట్ లారీ గారు అడిగింది న్యాయమైన మాటే. 8 నుంచి 1.6 దాకా మనం కొన్నది 6.4 మిల్లీమీటర్లు. 3 దగ్గర మారిస్తే 1.4 వదిలేస్తాం, అంటే 22 శాతం. టైరు 5,000 రూపాయలైతే ఒక్కోదానికి 1,100 రూపాయలు. నాలుగింటికి 4,400. ఆ మిగిలిన రబ్బరుతో తిరగగలిగేది సుమారు 12,000 కిలోమీటర్లు కాబట్టి కిలోమీటరుకు 37 పైసలు పడుతుంది.

గ్రానైట్ లారీ · సెప్టెంబరు 12, మధ్యాహ్నం

కారుకు లెక్క ఒప్పుకుంటున్నాను. లారీ సంగతి వేరు. మేము అరిగినవాటిని రీట్రెడింగ్‌కు పంపిస్తాం, మరీ అరిగిపోతే కేసింగ్ తీసుకోరు, కాబట్టి మేమూ ముందే తీస్తాం. కానీ ముందు టైర్లకు ఎంత ఉంచాలన్నది మా దగ్గర ఎవరూ గట్టిగా చెప్పరు.

మెల్‌బోర్న్ నెల్లూరు · సెప్టెంబరు 12, మధ్యాహ్నం

అమెరికాలో భారీ లారీల ముందు చక్రాలకు అంగుళంలో 32వ వంతులు నాలుగు ఉండాలి, సుమారు 3.2 మిల్లీమీటర్లు. వెనుక చక్రాలకు రెండు చాలు. స్టీరింగు చక్రం తేలితే లారీ దారి తప్పుతుందని వాళ్ల ఆలోచన అయి ఉంటుంది.

గ్రానైట్ లారీ · సెప్టెంబరు 12, సాయంత్రం

3.2 దగ్గర ముందు టైరు వెనక్కి మార్చుకోవచ్చు, వృథా కాదు. మా మేనేజరుతో మాట్లాడతాను. మన రోడ్లలో లోడుతో అది సరిపోతుందా అన్నది మాత్రం నాకింకా అనుమానమే.

కావలి కారు · సెప్టెంబరు 15, సాయంత్రం

రెండు టైర్లు కొన్నాను. బాగా అరిగినవి ముందువే కాబట్టి కొత్తవి ముందు వేయమన్నాను. షాపులో ఒక కుర్రాడు వెనుక వేయించుకోండి సార్ అన్నాడు, యజమాని ముందే వేయాలన్నాడు. ఇప్పుడు ముందే ఉన్నాయి. ఏది సరైనది?

పెన్నా తీరం · సెప్టెంబరు 15, సాయంత్రం

ఇంజను ముందు చక్రాలను తిప్పుతుంది కాబట్టి ముందే ఉండాలి కదా?

పాత మీటరు · సెప్టెంబరు 15, రాత్రి

ఆ కుర్రాడు చెప్పింది సరైనది. ముందు చక్రాలు జారితే కారు నేరుగా పోతుంది, మీకు స్టీరింగులో తెలుస్తుంది, వేగం తగ్గిస్తే తిరిగి పట్టుకుంటుంది. వెనుక చక్రాలు జారితే కారు వెనుక భాగం పక్కకు తిరుగుతుంది, అది తెలిసేలోపే కారు అడ్డం తిరిగి ఉంటుంది. అందుకే లోతు ఎక్కువున్నవి వెనుక ఉండాలి. మీ 4.2 టైర్లను ముందుకు తీసుకురండి, ముందు చక్రాలకు ఈ వానాకాలానికి అవి చాలు. అలైన్‌మెంటు చేయించకుండా మాత్రం కదలవద్దు, లేకపోతే అదే ఎడమ లోపలి అంచు మళ్లీ పోతుంది.

పెన్నా తీరం · సెప్టెంబరు 15, రాత్రి

నాకింకా పూర్తిగా మింగుడుపడలేదు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు ముందు చక్రాలకే పట్టు కావాలి. దీని మీద వేరే చర్చ మొదలుపెడతాను.

కావలి కారు · సెప్టెంబరు 17, ఉదయం

కొత్తవి వెనక్కి, పాతవి ముందుకు మార్పించాను. అలైన్‌మెంటు చూస్తే ముందు ఎడమ చక్రం లోపలికి వాలి ఉందని చూపించింది, సరిచేశారు. గాలి కూడా 26 ఉంది, 33 పెట్టించాను. అబ్బాయికి ఈ కొలతలు పంపాను. నవంబరు మొదటి ప్రయాణం తర్వాత ముందు ఎడమ లోపలి గాడిని మళ్లీ కొలిచి ఇక్కడే రాస్తాను.